‘ఎన్నడూ’ అన్న ఒక్క మాట దగ్గర పోయిన మార్కు

ఏపీపీఎస్సీ గ్రూప్-2 కోసం చదువుతున్న రోజుల్లో మాది అశోక్‌నగర్‌లో హాస్టల్, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ. ఆదివారం వస్తే మా కోచింగ్ సెంటర్లో మాక్ టెస్ట్ ఉండేది. 150 బిట్లు, 150 మార్కులు, తప్పు పెడితే మూడోవంతు మార్కు కోత. అసలు పరీక్షలో ఎలా ఉంటుందో అలాగే. ఒక ఆదివారం సాయంత్రం కీ ఇచ్చారు. పాలిటీలో నాకు ధీమా ఎక్కువ కాబట్టి ముందు ఆ బిట్లే దిద్దుకున్నాను. ఒకచోట పెన్సిల్ ఆగిపోయింది. ఆ ప్రశ్న ఇది.

లోక్‌సభ స్పీకర్‌కు సంబంధించి కింది వాటిలో సరైనది ఏది?

1. స్పీకర్ తన రాజీనామాను రాష్ట్రపతికి సమర్పించాలి.
2. స్పీకర్ ఎన్నడూ మొదటి విడతలో ఓటు వేయరు. ఓట్లు సమానమైనప్పుడు కాస్టింగ్ ఓటు వేస్తారు.
3. లోక్‌సభ రద్దయిన వెంటనే స్పీకర్ పదవి ఖాళీ అవుతుంది.
4. తనను తొలగించే తీర్మానం చర్చలో ఉన్నప్పుడు స్పీకర్ సభలో మాట్లాడవచ్చు.

నేను రెండు పెట్టాను. కీలో నాలుగు ఉంది. ఒకటి తప్పని నాకు తెలుసు, స్పీకర్ రాజీనామా ఇచ్చేది డిప్యూటీ స్పీకర్‌కి. మూడు కూడా తప్పే. సభ రద్దయినా కొత్త లోక్‌సభ మొదటిసారి సమావేశమయ్యే ముందు వరకు స్పీకర్ పదవిలోనే ఉంటారు. నాలుగో ఆప్షన్ సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. రెండోది మాత్రం ఏ గైడు తీసినా కనిపించే వాక్యం. స్పీకర్ మామూలుగా ఓటు వేయరు, సమానంగా చీలితే వేస్తారు. ఇంటర్ సివిక్స్ నుంచీ అదే చదువుతున్నాం. కీ తప్పని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఒకటి రావాల్సింది పోయి పైన మూడోవంతు కోత కూడా పడింది కదా, కోపంగా కూడా ఉంది.

మరుసటి రోజు క్లాసు అయ్యాక పాలిటీ సార్ దగ్గరికి పేపర్ పట్టుకుని వెళ్లాను. ఆయన రిటైరైన లెక్చరర్, రాజ్యాంగాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసిన బేర్ యాక్ట్ సంచిలోనే ఉంటుంది. ప్రశ్న చదివి, ‘‘ఏమ్మా, ఇందులో ఏం తప్పు కనబడింది నీకు?’’ అన్నారు.

‘‘సార్, రెండో ఆప్షన్ కరెక్టే కదండీ. ఆర్టికల్ 100లో ఉంది.’’

‘‘చదువు.’’

చదివాను. సభాపతి స్థానంలో ఉన్న వ్యక్తి మొదటి విడతలో ఓటు వేయకూడదు, ఓట్లు సమానమైతే కాస్టింగ్ ఓటు ఉంటుంది, దాన్ని వాడాలి. అచ్చంగా నేను చెప్పిందే. సార్ ఏమీ అనకుండా నాలుగు పేజీలు వెనక్కి తిప్పి ఆర్టికల్ 96 మీద వేలు పెట్టారు. స్పీకర్‌ను తొలగించే తీర్మానం సభ పరిశీలనలో ఉన్నప్పుడు ఆయన అధ్యక్షత వహించకూడదు. కానీ సభలో ఉండొచ్చు, మాట్లాడొచ్చు, చర్చలో పాల్గొనొచ్చు. ఆ తర్వాత వాక్యం దగ్గర నేను తడబడ్డాను. 100వ ఆర్టికల్‌లో ఏమున్నప్పటికీ, ఆ తీర్మానం మీద గానీ ఆ చర్చ సమయంలో వచ్చే మరే విషయం మీద గానీ స్పీకర్ మొదటి విడతలోనే ఓటు వేయవచ్చు, ఓట్లు సమానమైతే మాత్రం వేయకూడదు.

అంటే పూర్తిగా తలకిందులు. మామూలు రోజుల్లో మొదటి ఓటు ఉండదు, కాస్టింగ్ ఓటు ఉంటుంది. ఆ ఒక్క సందర్భంలో మొదటి ఓటు ఉంటుంది, కాస్టింగ్ ఓటు ఉండదు.

‘‘ఇది ఎప్పుడో గానీ జరగదు కదండీ. రెండో ఆప్షన్ దాదాపు నిజమే కదా’’ అన్నాను.

‘‘దాదాపు నిజమే. అందుకే పెట్టారు దాన్ని. స్పీకర్ సాధారణంగా మొదటి విడతలో ఓటు వేయరు అని రాస్తే నీతో పాటు నేనూ టిక్కు పెడతాను. ‘ఎన్నడూ’ అని రాశారు. ఒక్కసారి వేసే వీలున్నా ఆ మాట నిలబడదు. ఎన్నిసార్లు నిజమో అడగలేదమ్మా, ఎప్పుడైనా అబద్ధమవుతుందా అని అడిగారు.’’

అప్పటికీ నాకు పూర్తిగా మింగుడు పడలేదు. అలాంటి తీర్మానాలు ఎక్కడొస్తాయి లెండి అన్నాను. రావడమేమిటి, వచ్చాయన్నారు. 1954 డిసెంబరులో తొలి స్పీకర్ మావలంకర్ మీదే తొలగింపు తీర్మానం వచ్చింది. అప్పుడు అధ్యక్ష స్థానంలో కూర్చున్నది డిప్యూటీ స్పీకర్ అనంతశయనం అయ్యంగార్, తిరుపతి ఎంపీ. తీర్మానం వీగిపోయింది. ఆ ఉదాహరణ విన్నాక నాకు ఆర్టికల్ 96 ఎందుకలా ఉందో కూడా అర్థమైంది. కుర్చీలో వేరే మనిషి కూర్చున్నాడు కాబట్టి కాస్టింగ్ ఓటు ఆయనకు పోతుంది. స్పీకర్ కిందికి దిగి మిగతా ఎంపీల్లో ఒకడిగా కూర్చుంటారు, ఆయనా ఒక నియోజకవర్గం నుంచి గెలిచినవాడే. కాబట్టి అందరికీ ఉన్న మామూలు ఓటు ఆయనకూ ఉంటుంది. ఓటు కుర్చీని బట్టి మారుతోంది, మనిషిని బట్టి కాదు. ఈ కారణం తెలిశాక ఆ రెండు ఆర్టికల్స్ మళ్లీ బట్టీ పట్టాల్సిన పని రాలేదు.

ఇదే పేపర్లో ఇలాంటిదే ఇంకో బిట్‌ని నేను తేలిగ్గా దాటేశానని ఆ రాత్రి గమనించాను. ‘మంత్రిగా నియమితులయ్యే వ్యక్తి ఎల్లప్పుడూ పార్లమెంటు సభ్యుడై ఉండాలి’ అన్న స్టేట్‌మెంట్. చూడగానే తప్పని కొట్టేశాను. మాది నంద్యాల. 1991 జూన్‌లో పీవీ ప్రధాని అయ్యేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కాదు. నవంబరులో మా నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ కూడా పెట్టలేదు. ఆ ఎన్నిక ముచ్చట మా నాన్న ఇప్పటికీ నెలకోసారైనా తీస్తారు. కాబట్టి సభ్యుడు కాకపోయినా ఆరు నెలలు మంత్రిగా ఉండొచ్చన్న మినహాయింపు నాకు ఇంట్లో మాటల్లోనే వచ్చేసింది. ‘ఎల్లప్పుడూ’ అని కనబడగానే పీవీ గుర్తొచ్చారు. స్పీకర్ విషయంలో నాకు అలా గుర్తొచ్చేవాళ్లెవరూ లేరు, అంతే. రెండు బిట్లూ ఒకే అచ్చులో పోసినవే. ఒకదాంట్లో మినహాయింపు తెలుసు, ఇంకోదాంట్లో తెలియదు. తెలియనప్పుడు వాక్యం నిజంలా వినబడుతుంది.

మా రూమ్మేట్‌కి ఈ గొడవంతా చెబితే నవ్వింది. ‘‘ఇంత ఆలోచన ఎందుకే? ఎల్లప్పుడూ, ఎన్నడూ, తప్పనిసరిగా, మాత్రమే... ఇవి కనబడితే కొట్టెయ్. నేను మూడేళ్లుగా అదే చేస్తున్నా’’ అంది. తను నాకంటే సీనియర్, ఒకసారి మెయిన్స్ దాకా వెళ్లొచ్చింది. మాట తీసిపారెయ్యలేను. అదీ కాక చాలా సుళువుగా ఉంది. రెండు వారాలు ఆ పద్ధతే పాటించాను. మొదటి వారం మార్కులు నిజంగానే పెరిగాయి.

రెండో వారం ఈ స్టేట్‌మెంట్ వచ్చింది: ‘రాజ్యసభ ఛైర్మన్‌గా ఉపరాష్ట్రపతి సభలో ఎన్నడూ మొదటి విడతలో ఓటు వేయరు.’

స్పీకర్ బిట్ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. పైగా అదే ‘ఎన్నడూ’. తొలగింపు తీర్మానం ఇక్కడా ఉంటుంది కదా, ఆర్టికల్ 96 లాంటిదే ఒకటి ఇక్కడా ఉంటుంది కదా అనుకుని ఇంకో ఆలోచన లేకుండా కొట్టేశాను. కీలో అది సరైన స్టేట్‌మెంట్.

ఈసారి సార్ దగ్గరికి వెళ్లలేదు, నేనే బేర్ యాక్ట్ తీశాను. లాంటిది ఉంది, ఆర్టికల్ 92. ఉపరాష్ట్రపతిని తొలగించే తీర్మానం పరిశీలనలో ఉన్నప్పుడు ఆయన సభలో మాట్లాడవచ్చు. ఇక్కడా ‘100వ ఆర్టికల్‌లో ఏమున్నప్పటికీ’ అనే ఉంది. కానీ ఆ తర్వాత రాసింది వేరు, ఆ చర్చ జరుగుతుండగా ఆయన అసలు ఓటే వేయకూడదు. స్పీకర్‌కి ఇచ్చారు, ఈయనకి ఎందుకివ్వలేదు? కారణం ఒక్క క్షణంలో తట్టింది. ఉపరాష్ట్రపతి రాజ్యసభ సభ్యుడు కాదు. కుర్చీ దిగితే స్పీకర్‌ ఎంపీగా మిగులుతారు, ఈయన ఆ సభకు బయటివాడిగా మిగులుతారు. బయటివాడికి మామూలు ఓటు ఎక్కడిది? అందువల్ల ఆయన విషయంలో ‘ఎన్నడూ’ అక్షరాలా నిజం.

ఒకే వాక్యం, ఒకే మాట. లోక్‌సభ దగ్గర తప్పు, రాజ్యసభ దగ్గర ఒప్పు. మాటను చూసి కొట్టేసే పద్ధతి నా దగ్గర ఆ రోజుతో ఆగిపోయింది. అనుమానం వస్తుందని నా రూమ్మేట్ చెప్పింది సరే, అనుమానం వచ్చాక ఏం చేయాలో తన పద్ధతిలో లేదు.

అప్పుడు మొదలుపెట్టిన పని నాకు నిజంగా ఉపయోగపడింది. ఇంత దెబ్బ తిన్నాక గమనించిందేమిటంటే, నన్ను పట్టిచ్చిన మినహాయింపులన్నీ రాజ్యాంగంలో కొన్ని మాటల వెనకే దాక్కున్నాయి. ‘ఏమున్నప్పటికీ’, ‘తప్ప’, ‘అయితే’, ‘లోబడి’. నియమం ఒకచోట ఉంటుంది, దాన్ని కొట్టేసే మాట ఇంకోచోట ఉంటుంది. గైడు రాసేవాళ్లు నియమాన్ని ఒక లైన్లో దించి, రెండోదాన్ని చాలాసార్లు వదిలేస్తారు. ప్రశ్న తయారుచేసేవాళ్లు ఆ వదిలేసిన చోటే వల వేస్తారు. కాబట్టి నేను పార్లమెంటు మీద ఉన్న ఆర్టికల్స్ 79 నుంచి 122 వరకు పెన్సిల్ పట్టుకుని కూర్చుని ఈ నాలుగు మాటలు ఎక్కడ కనబడితే అక్కడ గుండ్రం చుట్టాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. గుండ్రం చుట్టినచోటల్లా నోట్‌బుక్కులో ఎడమ పేజీలో నియమం, కుడి పేజీలో దాన్ని తప్పించే సందర్భం రాసుకున్నాను.

కుడి పేజీ ఖాళీగా మిగిలినవి కూడా కొన్ని ఉన్నాయి, వాటి విలువ తర్వాత తెలిసింది. ద్రవ్య బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టకూడదని 109లో ఉంది, దానికి మినహాయింపు ఎక్కడా లేదు. రాజ్యసభ రద్దు కాదని 83లో ఉంది, దానికీ లేదు. రాజ్యాంగ సవరణ బిల్లు మీద ఉభయ సభల సంయుక్త సమావేశం కుదరదు, ఎందుకంటే 368 ప్రకారం ఏ సభకు ఆ సభ విడిగా, నిర్దేశించిన మెజారిటీతో ఆమోదించి తీరాలి. వీటి మీద ‘ఎన్నడూ’, ‘మాత్రమే’ పెట్టి ఎన్ని స్టేట్‌మెంట్లు రాసినా అవి ఒప్పే. నా రూమ్మేట్ పద్ధతిలో పోతే ఈ మార్కులన్నీ పోతాయి.

దీంతో హాల్లో నేను చేసే పని మారింది. బలమైన మాట కనబడగానే ముందు దాన్ని తీసేసి వాక్యం చదువుతాను. ‘స్పీకర్ మొదటి విడతలో ఓటు వేయరు.’ ఇది తెలిసిన సంగతేనా? తెలిసిందే. ఇప్పుడు మాటను వెనక్కి పెట్టి, దీన్ని అబద్ధం చేసే ఒక్క సందర్భం చెప్పగలనా అని అడుగుతాను. ఒకటి దొరికితే చాలు, రెండోది వెతకక్కర్లేదు. దొరకకపోతే అప్పుడు చిక్కు. మినహాయింపు అసలు లేకనే దొరకలేదా, ఉన్నా నాకు తెలియక దొరకలేదా? ఇక్కడ కారణం ఆదుకుంటుంది. ఉపరాష్ట్రపతికి ఓటు ఎందుకు లేదో తెలిస్తే మినహాయింపు ఉండే వీలే లేదని తెలుస్తుంది. కారణం తెలియకపోతే మాత్రం ఊహించడమే.

ఊహించాలా వద్దా అన్నదాని మీద మా హాస్టల్లో జరిగినంత వాదన మెస్ బిల్లు మీద కూడా జరగలేదు. లెక్క చిన్నదే. నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా ఒకటి పెడితే, నాలుగుసార్లలో ఒకసారి ఒక మార్కు వస్తుంది, మూడుసార్లు మూడోవంతు చొప్పున పోతుంది. కలిపితే సున్నా. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిసి మిగతా మూడింట్లో ఒకటి పెడితే, మూడుసార్లలో ఒక మార్కు వచ్చి, మూడోవంతు చొప్పున రెండుసార్లు పోతుంది, అంటే మూడు బిట్లకు మూడోవంతు మార్కు మిగులు. దీన్ని చూపించి ‘ఎల్లప్పుడూ’ ఉన్న ఆప్షన్ తీసేసి పెట్టెయ్ అంటారు. కానీ అందులో ‘కచ్చితంగా తప్పని తెలిసి’ అన్న షరతు ఉంది. మాటను చూసి గుడ్డిగా తీసేస్తే, తీసేసినదే సరైన జవాబు అయ్యే అవకాశం మిగతావాటికి ఉన్నంతే దానికీ ఉంటే, లెక్క మళ్లీ సున్నాకే వస్తుంది. మినహాయింపు చెప్పగలిగితేనే ఆప్షన్ తీసెయ్యడం అని నేను నియమం పెట్టుకున్నాను. సివిల్స్ ప్రిలిమ్స్ రాసేవాళ్లకు ఇది ఇంకా అవసరం. 2023 పేపర్లో చాలా ప్రశ్నలకు ఏవి సరైనవో కాక ఎన్ని సరైనవో అడిగారు. అక్కడ ఒక స్టేట్‌మెంట్ కొట్టేసి ఆప్షన్లు తగ్గించుకునే దారే లేదు, మూడింటికి మూడూ తేల్చాలి.

ఇదంతా తెలిశాక కూడా నేను పడిన ఇంకో గుంట తెలుగు మీడియంది. ‘ఎల్లప్పుడూ’, ‘ఎన్నడూ’ అయితే కంటికి కొట్టొచ్చినట్టు కనబడతాయి. మన భాషలో అదే పని చిన్న దీర్ఘంతో అయిపోతుంది. ‘బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టాలి’, ‘బిల్లును లోక్‌సభలోనే ప్రవేశపెట్టాలి’. రెండోదాంట్లో ‘మాత్రమే’ లేదు, కానీ ఉన్నట్టే. రెండున్నర గంటల హడావిడిలో ఆ ‘నే’ కంటికి ఆనదు. ఇంకోటి ‘ఒక్కటి ఉన్నా’ అన్నది. ‘రెండు సభల్లో ఒక్కటి సమావేశంలో ఉన్నా రాష్ట్రపతి ఆర్డినెన్స్ జారీ చేయలేరు’ అన్న వాక్యంలో అనుమానించాల్సిన మాటేదీ లేనట్టే ఉంటుంది. నిజానికి ఆర్టికల్ 123 ఆర్డినెన్స్‌ను ఆపేది రెండు సభలూ సమావేశంలో ఉన్నప్పుడే. ఒకటి నడుస్తూ ఇంకోటి నడవకపోతే జారీ చేయవచ్చు. ఈ వాక్యాన్ని నేను రెండు మాక్ టెస్టుల్లో రెండుసార్లూ ఒప్పు పెట్టాను. రెండోసారి కూడా పెట్టానని చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది.

ఆ ఏడాది చివర్లో సార్ నన్ను పిలిచి, సెంటర్ టెస్ట్ సిరీస్‌కు పాలిటీ బిట్లు రాసిపెట్టమన్నారు. బిట్టుకు ఇంతని డబ్బులిస్తారు, హాస్టల్ ఫీజుకు పనికొస్తుందని ఒప్పుకున్నాను. అప్పుడు తెలిసింది, అవతలి వైపు కూర్చుంటే ఈ మాటలు ఎందుకంత సులభంగా చేతికొస్తాయో. నాలుగు ఆప్షన్లు కావాలి. ఒకటి ఒప్పు, మూడు తప్పు. మరీ పిచ్చి తప్పు రాస్తే ఎవడూ పెట్టడు. కాబట్టి నిజమైన వాక్యం ఒకటి తీసుకుని అందులో ఒక్క మాట మారుస్తాం. సంఖ్య మార్చొచ్చు, 14 రోజులను 30 రోజులు చేయొచ్చు, కానీ అది జ్ఞాపకశక్తి పరీక్ష అయిపోతుంది. అదే ‘సాధారణంగా’ తీసి ‘ఎల్లప్పుడూ’ పెడితే, వాక్యం వినడానికి ఏమీ మారదు, సగం చదివినవాడు పడిపోతాడు, మొత్తం చదివినవాడు ఆగుతాడు.

మొదటి విడత 40 బిట్లు రాసిచ్చాను. సార్ పెన్నుతో టకటకా ఏవో గీతలు పెట్టి తిరిగిచ్చారు. చూస్తే, నేను రాసిన తప్పు ఆప్షన్లలో ‘ఎల్లప్పుడూ’, ‘ఎన్నడూ’, ‘తప్పనిసరిగా’ అన్న మాటల కిందే గీతలు. ఒప్పు ఆప్షన్లలో ఒక్కటంటే ఒక్క గీత లేదు. ‘‘ఆర్టికల్స్ చదవకుండానే మీ రూమ్మేట్ దీనికి నలభైకి ముప్పై తెచ్చుకుంటుంది’’ అన్నారు. మళ్లీ రాయాల్సి వచ్చింది. కుడి పేజీ ఖాళీగా ఉన్న నియమాలు అప్పుడు అక్కరకొచ్చాయి. ఒప్పు ఆప్షన్లలో ‘ఎన్నడూ’ ఉండేలా కొన్ని, తప్పు ఆప్షన్లలో మెత్తని ‘సాధారణంగా’ ఉండేలా కొన్ని మార్చాను. ‘స్పీకర్ సాధారణంగా తన రాజీనామాను రాష్ట్రపతికి సమర్పిస్తారు’ అన్నది తప్పే, ‘సాధారణంగా’ ఉన్నంత మాత్రాన ఒప్పు అయిపోదు. దానికి ఎంతమంది పడ్డారో చెబితే నమ్మరు.

కానీ నా బిట్లలో ఒకటి నన్నే తిన్నది. రాజ్యసభ అధికారాల మీద రాసిన ప్రశ్నలో ఒక స్టేట్‌మెంట్ ఇలా పెట్టాను: ‘రాజ్యసభ అన్ని బిల్లులనూ తిరస్కరించలేదు.’ ఇది ఒప్పు అని నా కీ. ద్రవ్య బిల్లును రాజ్యసభ తిరస్కరించలేదు, 14 రోజుల్లో సిఫార్సులతోనో ఊరికేనో తిప్పి పంపాలి, అంతే. మామూలు బిల్లునైతే తిరస్కరించగలదు, రాజ్యాంగ సవరణ బిల్లునూ తిరస్కరించగలదు. కాబట్టి అన్నిటినీ కాదు, కొన్నిటినే. ఇందులో ఏ గొడవా ఉండదనుకున్నాను.

టెస్ట్ అయిన సాయంత్రం ముగ్గురు వచ్చారు. గుంటూరు తమ్ముడు ఒకతను, ‘‘అక్కా, ఇది తప్పు. అన్ని బిల్లులనూ తిరస్కరించలేదు అంటే ఏదీ తిరస్కరించలేదనే కదా?’’ అన్నాడు. పక్కనున్న అమ్మాయి, ‘‘కాదు, అన్నీ కాదు, కొన్ని మాత్రమే అని’’ అంది. మూడో అతను ఇద్దరినీ ఆపి, ‘‘ఇది ఇప్పటిదాకా తిరస్కరించలేదు అని అడుగుతున్నారనుకున్నా మేడం. ఏవేవి తిరస్కరించిందో గుర్తు తెచ్చుకుంటూ రెండు నిమిషాలు పోగొట్టుకున్నా’’ అన్నాడు.

కాసేపు నాకు నోరు పెగల్లేదు. ముగ్గురూ తెలుగే చదివారు, ముగ్గురూ తెలుగు వచ్చినవాళ్లే. ‘అన్ని’ ముందుండి ‘లేదు’ చివర వస్తే, ఆ ‘లేదు’ అన్నిటినీ కొట్టేస్తోందా, అన్నిటిలో కొన్నిటినే కొట్టేస్తోందా అన్నది మాట్లాడేటప్పుడు గొంతులోని ఊనికతో తెలుస్తుంది. కాగితం మీద ఊనిక ఉండదు. మూడో అతను పట్టుకున్న సంగతి మరీ ఇబ్బంది. ‘తిరస్కరించలేదు’ అంటే తిరస్కరించే శక్తి లేదనీ అవుతుంది, గతంలో తిరస్కరించలేదనీ అవుతుంది. పాత పుస్తకాల్లోలా ‘తిరస్కరించజాలదు’ అని రాసి ఉంటే ఈ రెండో అర్థం పోయేది, ‘అన్ని’తో వచ్చిన చిక్కు మాత్రం అలాగే ఉండేది. ఎల్లప్పుడూ, ఎన్నడూ అని ఇన్నాళ్లు మాటల వెంట పడ్డ నేను, నా ‘అన్ని’ని నేనే చూసుకోలేదు.

సార్‌కి చెప్పాను. ఆ బిట్ తీసేసి అందరికీ మార్కు కలిపించారు, బిట్టు డబ్బులు కోశారు. న్యాయమే. తర్వాతి టెస్టుకు దాన్ని రెండు వాక్యాలుగా విడగొట్టి రాశాను. ‘తిరస్కరించే అధికారం రాజ్యసభకు లేని బిల్లులు ఉన్నాయి’ అన్నది ఒకటి, ‘ఏ బిల్లునైనా తిరస్కరించే అధికారం రాజ్యసభకు లేదు’ అన్నది రెండోది. రెండోది రాసి సార్ బల్ల మీద పెట్టబోతూ మళ్లీ చదివాను. ‘ఏ బిల్లునైనా... లేదు’. దీంట్లో కూడా అదే తిరకాసు. ‘నైనా’ కొట్టేసి ‘ఏ ఒక్క బిల్లునూ’ అని దిద్దాను. ఈసారి గుంటూరు తమ్ముడు ఏమీ అడక్కుండా, తప్పని సరిగ్గా గుర్తించి వెళ్లిపోయాడు.